ఒకే ఆవకాయకు అయిదు వ్యాసాలు

ఎండలు ముదురుతూనే తెలుగువాళ్లు గూగుల్‌లో ఆవకాయ కోసం వెతకడం మొదలుపెడతారు. ఒకరు ‘ఆవకాయ తయారీ విధానం’ అని టైపు చేస్తారు. ఇంకొకరు ‘ఆవకాయ ఎలా పెట్టాలి’ అంటారు. మరొకరికి ‘కిలో మామిడికాయలకు ఆవకాయ కొలతలు’ కావాలి. డల్లాస్‌లో ఉన్న కోడలు ఇంగ్లిషు అక్షరాల్లో avakaya tayari vidhanam అని కొడుతుంది. వంటల వెబ్‌సైటు నడిపేవారు ఈ జాబితాను చూసి, ఒక్కో మాటకు ఒక్కో వ్యాసం రాయిస్తే నాలుగు వైపుల నుంచీ పాఠకులు వస్తారని అనుకుంటారు. రెండు మూడేళ్లు గడిచేసరికి ఒకే ఆవకాయ మీద అయిదు వ్యాసాలు తయారవుతాయి. పాఠకులు మాత్రం అయిదింతలు కారు. చాలాసార్లు ఒక్క వ్యాసం ఉన్నప్పటికంటే తగ్గుతారు కూడా. వెబ్ రంగంలో దీన్ని కీవర్డ్ కానిబలైజేషన్ అంటారు. ఒకే ఇంటి నుంచి ఇద్దరు ఒకే వార్డుకు పోటీ చేస్తే ఓట్లు చీలిపోయినట్టు, మన వ్యాసాల బలం మన వ్యాసాల మధ్యనే చీలిపోతుంది.

ఒకప్పుడు ఈ పద్ధతి పనిచేసింది. గూగుల్ అప్పట్లో అక్షరాలనే ఎక్కువగా పట్టించుకునేది కాబట్టి, శీర్షికలో సరిగ్గా ఆ మాటే ఉన్న పేజీ పైకి వచ్చేది. సరుకు లేని పేజీలను వెనక్కి నెట్టే పాండా మార్పు 2011లో వచ్చింది. ప్రశ్నలోని మాటలకంటే దాని భావాన్ని చూసే హమ్మింగ్‌బర్డ్ 2013లో, బెర్ట్ 2019లో వచ్చాయి. ‘తయారీ విధానం’ అన్నా ‘ఎలా పెట్టాలి’ అన్నా అడిగేది ఒకటేనని పోల్చుకోవడం ఇప్పుడు గూగుల్ పని. పైగా 2019 జూన్ నుంచి మొదటి ఫలితాల్లో ఒకే సైటు నుంచి మామూలుగా రెండు పేజీలకు మించి చూపడం లేదు. అంటే అయిదు వ్యాసాలు రాసినా మూడింటికి అక్కడ చోటు దొరకడం కష్టం.

దీనికి గూగుల్ విధించే జరిమానా అంటూ ఏదీ లేదు. నష్టం జరిగే తీరు వేరు. బయటి సైట్లవాళ్లు మన ఆవకాయ గురించి రాస్తూ ఒకరు ఒక పేజీకి, మరొకరు మరో పేజీకి లింకు ఇస్తారు. మన సొంత మాగాయ వ్యాసం నుంచి ఒక ఆవకాయకు, పులిహోర వ్యాసం నుంచి ఇంకో ఆవకాయకు లింకు పోతుంది. ఒక్క పేజీకి చేరవలసిన ఆధారమంతా ముక్కలవుతుంది. ఏది అసలు పేజీయో తేల్చుకోలేక గూగుల్ ఒక వారం ఒకదాన్ని, మరో వారం మరొకదాన్ని చూపుతుంది. ఇంతకంటే బాధ కలిగించేది మరొకటుంది. ముక్కలు కోయడం నుంచి మూడో రోజు తిరగకలపడం వరకు ఫొటోలతో వివరించిన మంచి వ్యాసం వెనకబడి, కొలతలు మాత్రమే ఉన్న చిన్న పేజీ ముందుకు వస్తుంది. పాఠకురాలు దాన్ని తెరిచి, కావలసింది దొరక్క వెనక్కి పోతుంది.

మన సైటులో ఇది జరుగుతోందో లేదో ఊహించనక్కరలేదు. గూగుల్ సెర్చ్ కన్సోల్ అనే ఉచిత సాధనంలో 16 నెలల లెక్కలు ఉంటాయి. అందులో Performance నివేదిక తెరిచి, Query ఫిల్టరులో Custom (regex) ఎంచుకుని ఇలా ఇవ్వాలి:

```
ఆవకాయ|avakaya|aavakaya|avakai
```

రెండు లిపుల్లోనూ వచ్చిన వెతుకులాటలన్నీ కనిపిస్తాయి. వాటిలో ఎక్కువమంది అడిగిన ఒక ప్రశ్న మీద నొక్కి, Pages ట్యాబులోకి వెళితే ఆ ఒక్క ప్రశ్నకు మన పేజీల్లో ఏవేవి కనబడ్డాయో తెలుస్తుంది.

ఒక లెక్క ఊహించుకుందాం. ఏప్రిల్ నెలలో ‘ఆవకాయ ఎలా పెట్టాలి’ అన్న ప్రశ్నకు మన విధానం వ్యాసం 4,000 సార్లు కనబడింది, సగటు స్థానం 9. కొలతల వ్యాసం 3,500 సార్లు కనబడింది, సగటు స్థానం 11. రెండూ కలిపితే 7,500. కాని పైన గ్రాఫులో ఆ ప్రశ్నకు మొత్తం 6,000 మాత్రమే ఉంది. ఇది తప్పు లెక్క కాదు. ఒకే వెతుకులాటలో మన పేజీలు రెండు కనబడితే సైటు మొత్తానికి వేసే లెక్కలో ఒకటిగా, పేజీలవారీ లెక్కలో రెండుగా నమోదవుతుంది. కాబట్టి రెండూ కలిసి కనబడింది 1,500 సార్లు. విధానం ఒక్కటే కనబడింది 2,500 సార్లు, కొలతలు ఒక్కటే కనబడింది 2,000 సార్లు. అంటే ఎక్కువసార్లు ఒకటి ఉన్నచోట రెండోది లేదు. ఇప్పుడు ఒక్కో పేజీనీ విడిగా ఎంచుకుని రోజులవారీ గీత చూడాలి. ఒకటి లేచిన రోజుల్లో రెండోది పడిపోతూ, ఆ వరస పదేపదే కనబడితే అనుమానం తీరినట్టే.

ఒక ప్రశ్నకు రెండు పేజీలు కనబడినంత మాత్రాన కంగారుపడకూడదు. రెండూ మొదటి మూడు స్థానాల్లో స్థిరంగా ఉండి రెండింటికీ క్లిక్కులు వస్తుంటే అది మన అదృష్టం, ముట్టుకోవద్దు. ఒక పేజీ 4వ స్థానంలో, మరొకటి ఎక్కడో 60వ స్థానంలో ఉన్నా పోటీ లేనట్టే. మరో పరిమితి కూడా ఉంది. చాలా కొద్దిమంది మాత్రమే అడిగిన ప్రశ్నలను వ్యక్తుల గోప్యత కోసం సెర్చ్ కన్సోల్ చూపదు. తెలుగులో పొడుగాటి ప్రశ్నలు ఇలా తరచు దాగిపోతాయి. కాబట్టి జాబితాలో లేనంత మాత్రాన ఎవరూ అడగడం లేదని అనుకోకూడదు.

అసలు నిర్ణయం ఇక్కడే ఉంది. ఏ రెండు మాటలు ఒకటి, ఏవి వేరు? మాటల పోలికను బట్టి తేల్చుకుంటే పొరపాటు పడతాం. ‘ఆవకాయ కొలతలు’, ‘ఆవకాయ తయారీ’ చూడ్డానికి వేరుగా ఉన్నా అడిగేవారి అవసరం ఒకటే. ఆమె ముందు కాయలున్నాయి, పచ్చడి కలపాలి. ‘ఆవకాయ’, ‘బెల్లం ఆవకాయ’ మాటల్లో దగ్గరే అయినా అవి రెండు వేరే పచ్చళ్లు. ‘ఆవకాయ బూజు పట్టింది ఏం చేయాలి’ అని అడిగేవారు జాడీ తెరిచి దిగులుపడుతున్నవాళ్లు. వాళ్లకు తయారీ విధానం మొత్తం చదివే ఓపిక ఉండదు, దానికి విడి వ్యాసం ఉండి తీరాలి. ‘ఆవకాయ ఆన్‌లైన్’ అని వెతికేవారికి కొనుక్కోవడమే కావాలి.

సందేహం తీరకపోతే గూగుల్‌నే అడగవచ్చు. రెండు మాటలనూ విడివిడిగా వెతికి, మొదటి పది ఫలితాలను పక్కపక్కన పెట్టుకోండి. ఆరేడు పేజీలు రెండుచోట్లా ఉంటే ఒక్క వ్యాసం చాలు. ఒకటి రెండు మాత్రమే కలిస్తే రెండు వ్యాసాలు రాయండి. మధ్యలో ఉన్నప్పుడు నేనైతే ఒక్కదానికే మొగ్గుతాను, ఎందుకంటే తర్వాత విడదీయడం తేలిక, కలపడం కష్టం. ఇది పని జరగడానికి పెట్టుకున్న కొలమానమే తప్ప గూగుల్ చెప్పిన నియమం కాదు. ఇంగ్లిషు అక్షరాల్లో రాసిన తెలుగు ప్రశ్నలకూ ఇదే పరీక్ష పెట్టాలి. అక్కడ కూడా తెలుగు లిపి పేజీలే వస్తుంటే వాటికోసం మరో వ్యాసం అనవసరం. నిజంగా ఇంగ్లిషులో రాసిన ఆవకాయ వ్యాసం సంగతి వేరు, దాని పాఠకులు వేరు. ఆ రెండు పేజీలు ఒకదానికొకటి భాషాంతరాలని hreflang గుర్తుతో చెబితే సరిపోతుంది.

కలపాలని తేలాక ఏ పేజీని ఉంచాలో చూడాలి. బాగా రాసినది కదా అని ఎంచుకోవద్దు, రాతను ఎక్కడికైనా మోసుకుపోవచ్చు. బయటి నుంచి లింకులు, ఏడాది పొడుగునా క్లిక్కులు ఎక్కువ ఉన్న చిరునామానే ఉంచండి. మిగతా పేజీల్లో ఇక్కడ లేని మంచి సమాచారాన్ని దాంట్లోకి తేవాలి. కొలతల పట్టిక పైకి రావాలి, విధానం దాని కింద. ఉపశీర్షికల్లో ‘కిలో కాయలకు కొలతలు’ లాంటి మాటలు సహజంగా ఇమిడిపోతాయి. ఇది అయ్యాకే పాత చిరునామాల నుంచి శాశ్వత మళ్లింపు పెట్టాలి. అపాచీ సర్వరులో ఒక్క వరుస చాలు:

```
Redirect 301 /avakaya-kolathalu/ https://example.com/avakaya/
```

ఇక్కడ తరచు మూడు చోట్ల తప్పు జరుగుతుంది. కొందరు పాత పేజీని హోమ్ పేజీకి మళ్లిస్తారు. అడిగినదానికి సంబంధం లేని చోటికి తీసుకెళ్లే మళ్లింపును గూగుల్ ‘పేజీ లేదు’ అన్నట్టుగానే లెక్కవేసే వీలుంది. ఇంకొందరు మళ్లింపు పెట్టి, తమ సైటులోని లింకులను పాత చిరునామాలకే వదిలేస్తారు. మాగాయ వ్యాసంలో ఉన్న లింకునూ, సైట్‌మ్యాప్‌నూ కూడా మార్చాలి. మూడోది, రెండు పేజీలనూ ఉంచేసి ఒకదానిలో canonical గుర్తు పెట్టడం. 2009లో వచ్చిన ఈ గుర్తు దాదాపు ఒకేలా ఉన్న నకలు పేజీల కోసం ఉద్దేశించినది. గూగుల్‌కు అది సూచన మాత్రమే, ఆజ్ఞ కాదు. విషయం వేరుగా ఉన్న రెండు వ్యాసాల మధ్య పెడితే పట్టించుకోకపోవచ్చు. సెర్చ్ కన్సోల్‌లో URL Inspection తెరిస్తే మనం చెప్పిన చిరునామా, గూగుల్ ఎంచుకున్న చిరునామా రెండూ పక్కపక్కనే కనిపిస్తాయి. అవి వేరైతే మన మాట చెల్లలేదని అర్థం.

ఆవకాయ విషయంలో కాలం కూడా చూసుకోవాలి. మే నెలలో పేజీలు కలిపి, జూలైలో లెక్కలు చూసి పాఠకులు పడిపోయారని గాభరాపడితే అర్థం లేదు. వానలు మొదలయ్యాక ఆవకాయ గురించి అడిగేవారు ఎలాగూ తగ్గుతారు. గూగుల్ మార్పులను గుర్తించి స్థానాలు కుదుటపడటానికి వారాలు పడుతుంది. కాబట్టి ఈ పని అక్టోబరు, నవంబరుల్లో చేసి, వచ్చే ఏప్రిల్‌ను పోయిన ఏప్రిల్‌తో పోల్చాలి. 16 నెలల లెక్కలు అందుకే పనికొస్తాయి. అప్పుడు కూడా ఒక్క ప్రశ్న కాక ఆవకాయ కుటుంబంలోని ప్రశ్నలన్నిటి క్లిక్కులనూ కలిపి చూడాలి. మళ్లింపులను కనీసం ఏడాదిపాటు తీయకూడదని గూగులే చెబుతోంది. తీయకుండా శాశ్వతంగా ఉంచితే ఇంకా మంచిది, ఎందుకంటే పాత లింకులు వాట్సాప్ గ్రూపుల్లో ఏళ్ల తరబడి తిరుగుతూనే ఉంటాయి.

సంపాదకులకు ఒక విన్నపం. వేసవి వ్యాసాల జాబితా వేసేటప్పుడు ఒక్కో వరుస పక్కన, ఆ పాఠకుడి అవసరాన్ని మన సైటులో ఇప్పటికే తీరుస్తున్న చిరునామా ఏదో రాసిపెట్టండి. అక్కడ చిరునామా ఉంటే కొత్త వ్యాసం రాయించకండి. ఆ డబ్బుతో, ఆ సమయంతో పాత వ్యాసాన్నే ఈ ఏటి కాయలతో మళ్లీ పెట్టి చూసి, కొత్త ఫొటోలు తీసి, సరిదిద్దించండి.