నడక నేర్చే వేళ పగటి నిద్ర

ఏడాది నిండే సమయంలో, అంతవరకు బాగా నిద్రపోయిన బిడ్డ ఒక్కసారిగా పడుకోనని మొండికేయవచ్చు. పక్క మీద వేయగానే లేచి నిలబడుతుంది, పట్టుకుని అడుగులు వేస్తుంది. కొత్తగా వచ్చిన నడకను పదేపదే సాధన చేయాలన్న ఆరాటం నిద్రను వెనక్కి నెడుతుంది. లేచి నిలబడటం వచ్చినా కూర్చోవడం రాని బిడ్డ అర్ధరాత్రి అలాగే నిలబడి ఏడుస్తుంది. పగలు నేల మీద బొమ్మ పెట్టి, మోకాళ్లు వంచి దాన్ని అందుకోవడం అలవాటు చేస్తే ఈ చిక్కు తొందరగా తీరుతుంది. నిలబడే బిడ్డను గుడ్డ ఉయ్యాలలో పడుకోబెట్టడం మాత్రం ప్రమాదం.

చాలామంది పొరబడేది మధ్యాహ్నపు కునుకు విషయంలో. బిడ్డ నాలుగు రోజులు వద్దనగానే దాన్ని మాన్పించేస్తారు. నిజానికి ఎక్కువమంది పిల్లలు ఒకే కునుకుకు మారేది 14 నుంచి 18 నెలల మధ్య. కనీసం రెండు వారాలు పాత వేళలే పాటించి చూడాలి. ఉదయం 6:30కి లేచే బిడ్డను 10 గంటలకు పడుకోబెట్టి, గంట దాటాక లేపితే మధ్యాహ్నం 2:30కి మళ్లీ నిద్ర వస్తుంది. పడుకోబెట్టే ముందు అరగంట నడక ఆటలు ఆపాలి. ఆ కునుకు తప్పిన రోజు రాత్రి నిద్రను అరగంట నుంచి గంట ముందుకు జరపాలి. లేకపోతే అలసట ముదిరి రాత్రి మెలకువలు పెరుగుతాయి. జ్వరం ఉన్నా, చెవి పట్టుకుని ఏడుస్తున్నా కారణం నడక కాకపోవచ్చు, డాక్టరుకు చూపించాలి.