ఏడుకు ఏడు ఒకటే

గోదావరి జిల్లాలో ప్రశ్న చెప్పే ఒక పెద్దాయన, అడిగినదానికి జవాబు చెప్పనంటూ ఒక అమ్మాయికి ఉత్తరం రాశారు. విడాకులైన ఏడాదికి మాజీ భర్త మరొకరితో ఉంటున్నాడని తెలిసి, ‘ఆ పిల్ల ఎలాంటిది? వాళ్ళిద్దరికీ కుదురుతుందా?’ అని ఆమె అడిగింది. ఉత్తరం నాకు చూపించింది. నాకు జ్యోతిషం మీద పెద్ద గురి లేదు. అయినా ఆయన నీతిబోధ జోలికి పోకుండా, శాస్త్రం లెక్కతోనే కాదన్న తీరు నచ్చింది.

ప్రశ్న అంటే, జాతకం లేకపోయినా, అడిగిన సమయానికి తూర్పున ఉదయించే రాశిని లగ్నంగా పెట్టి చక్రం వేయడం. వరాహమిహిరుడి కొడుకు పృథుయశసుడు రాసిన షట్పంచాశిక ఈ పద్ధతి గురించే. ఈ పద్ధతిలో లగ్నం అడిగినవాళ్ళది, ఏడో ఇల్లు వాళ్ళ జోడీది.

‘అమ్మా, నువ్వు అడిగినప్పుడు తులాలగ్నం. తుల నుంచి ఏడోది మేషం, అది అతని ఇల్లు. అతని జోడీని చూడాలంటే మేషం నుంచి మళ్ళీ ఏడు లెక్కపెట్టాలి. మేషం, వృషభం, మిథునం, కర్కాటకం, సింహం, కన్య, తుల. అంటే నీ ఇంటికే వచ్చాం. లగ్నాధిపతి శుక్రుడు కన్యలో నీచపడ్డాడు. ఆ పిల్ల మంచిది కాదని చెప్పి నిన్ను సంతోషపెట్టవచ్చు. కానీ ఆ శుక్రుడు నీ శుక్రుడే.’

ఇలాంటప్పుడు రెండో పెళ్ళికని వేరే ఇల్లు పట్టేవాళ్ళున్నారు. ఏ ఇల్లన్నదాని మీద వాళ్ళలోనే ఏకాభిప్రాయం లేదు. ఇల్లు మారిస్తే అధిపతి మారతాడు, జవాబూ మారుతుంది. అప్పుడు చెప్పేది చక్రం కాదు, చెప్పేవాడి ఇష్టం.

ఆమె ఆ పిల్ల పుట్టినతేదీ కూడా పంపింది, ఫేస్‌బుక్‌లో ఎవరో చెప్పిన శుభాకాంక్షలు చూసి. ‘వేళ ఏది? లగ్నం సుమారు రెండు గంటలకోసారి మారుతుంది. ఒక్క తేదీకి పన్నెండు లగ్నాలు. వేళ తెలిసినా చూడను. జాతకం చూడమని ఆ పిల్ల నన్ను అడగలేదు’ అని రాశారు.

నాకు అన్నిటికంటే పనికొచ్చేదనిపించింది ఆ తర్వాతి ముక్క. ‘ఈ ప్రశ్నకు జవాబు చెప్పేవాడు దొరుకుతాడు. వాళ్ళు విడిపోతారంటాడు. విడిపోకపోతే శాంతి చేయించాలంటాడు, తర్వాత హోమం. మొదటి మాట నీకు నచ్చేలా ఉందంటే రెండో మాటకు డబ్బు సిద్ధం చేసుకో.’

చివర, ఆమె గురించి ఏదైనా అడగాలనుకుంటే రమ్మన్నారు, ఒక్క ప్రశ్నే తెచ్చుకోమన్నారు. ఆమె పంపిన 516 రూపాయలూ కవర్లో పెట్టి తిప్పి పంపారు.

‘వెళ్ళావా?’ అన్నాను.

‘ఏం అడగాలో ఇంకా తేలలేదండీ’ అంది.