పంపు బ్యాటరీని చంపేది వేసవే

జులైలో పత్తికి పేనుబంక, పచ్చదోమ తగులుతాయి. మందు కొడదామని మూలనున్న బ్యాటరీ పంపు బయటికి తీస్తారు. చార్జింగ్ పెడితే అరగంటకే పచ్చలైటు వెలుగుతుంది. సంతోషంగా పదహారు లీటర్ల ట్యాంకు నింపి వీపుకెత్తుకుంటే నాలుగు సాళ్లు దాటకముందే నాజిల్ దగ్గర పొగలా రావలసిన మందు ధారగా కారుతుంది. ట్యాంకులో సగం మందు అలాగే ఉంటుంది. పోయిన నవంబరులో చివరి పిచికారీ నాడు ఇదే పంపు బాగానే పనిచేసింది. మధ్యలో ఎవరూ దాన్ని ముట్టుకోలేదు. బ్యాటరీ పాడవడానికి కారణం సరిగ్గా అదే.

వీపు పంపుల్లో ఎక్కువగా ఉండేది 12 వోల్టుల, 8 ఏహెచ్ సీల్డ్ లెడ్ యాసిడ్ బ్యాటరీ. మోటారు దాదాపు మూడు ఆంపియర్లు లాగుతుందనుకుంటే కొత్త బ్యాటరీ రెండు గంటలు నడపాలి. ట్యాంకు ఖాళీ కావడానికి పన్నెండు నిమిషాలు పడితే పది ట్యాంకులు రావాలన్నమాట. నాజిల్‌ను బట్టి, నొక్కే తీరును బట్టి ఒకటి రెండు అటూ ఇటూ అవుతాయి. అది ఒక్క ట్యాంకుకు పడిపోయిందంటే అందులో దాదాపు పదో వంతు శక్తే మిగిలింది.

ఆ శక్తి ఎటు పోయిందో చూద్దాం. బ్యాటరీ లోపల సీసపు పలకలు, వాటి మధ్య యాసిడ్‌ను పీల్చుకున్న గాజు పీచు పొరలు ఉంటాయి. మోటారు తిరిగినప్పుడల్లా పలకల మీద లెడ్ సల్ఫేట్ సన్నగా పేరుకుంటుంది. వెంటనే చార్జింగ్ పెడితే అది కరిగి మళ్లీ సీసంగా, యాసిడ్‌గా మారుతుంది. చార్జింగ్ లేకుండా వారాల తరబడి వదిలేస్తే గట్టి స్ఫటికాలుగా ముదిరిపోతుంది. అలా ముదిరిన భాగం ఇక కరెంటును పుచ్చుకోదు, ఇవ్వదు. అరగంటకే పచ్చలైటు వెలగడం దీని లక్షణమే. లోపల పుచ్చుకునే చోటు లేక వోల్టేజి త్వరగా పైకి ఎగబాకుతుంది, చార్జర్ నిండిందనుకుంటుంది.

నవంబరులో ఆఖరి మందు కొట్టాక బ్యాటరీలో 30 శాతం చార్జి మిగిలిందనుకుందాం. అంటే 2.4 ఏహెచ్. వాడకుండా ఉంచినా బ్యాటరీ తనంతట తానే దిగిపోతూ ఉంటుంది. 25 డిగ్రీల వేడిలో అది నెలకు సుమారు 3 శాతం. వేడి పది డిగ్రీలు పెరిగినప్పుడల్లా దాదాపు రెట్టింపవుతుంది. చలికాలంలో పెద్దగా తేడా కనపడదు. ఏప్రిల్, మే నెలల్లో రేకుల షెడ్డు లోపల 45 డిగ్రీలు దాటితే నెలకు 12 శాతం దాకా పోతుంది. మిగిలిన ఆ 30 శాతం మే నాటికి అడుగంటుతుంది, ఆ ఖాళీ బ్యాటరీ జులై దాకా అదే వేడిలో ఉడుకుతుంది. స్విచ్ ఆఫ్ చేయడం మరచిపోతే ఇంకా ముందే ఖాళీ అవుతుంది, ఎందుకంటే వోల్టేజి చూపించే చిన్న తెర కూడా కరెంటు తింటుంది.

అయితే తప్పంతా బ్యాటరీదేనని ముందే తీర్మానించి కొత్తది కొనకండి. ముందు బ్యాటరీకి వెళ్లే తీగల కొసలు చూడండి. మందు కారి అక్కడ పచ్చగానో తెల్లగానో బూజు పట్టి ఉంటే గరుకు కాగితంతో రుద్ది, కొసలను గట్టిగా బిగించండి. జల్లెడ, నాజిల్ కడగండి. తర్వాత ఎలక్ట్రికల్ షాపులో దొరికే మామూలు మల్టీమీటర్‌తో ఒక పరీక్ష చేయండి. పూర్తిగా చార్జి చేసి, చార్జర్ తీసేసి, రాత్రంతా ఉంచి తెల్లవారి కొలవండి. 12.7 వోల్టులు, ఆ పైన ఉంటే బాగుంది. 10.8 దగ్గరే ఆగిపోతే, రెండేసి వోల్టుల ఆరు సెల్లుల్లో ఒకటి పోయినట్టే. దానికి మందు లేదు.

వోల్టేజి బాగానే ఉందని అక్కడితో ఆగకండి. ట్యాంకులో మంచినీళ్లు పోసి, పిచికారీ చేస్తూనే బ్యాటరీ కొసల దగ్గర కొలవాలి. అసలు గుట్టు అప్పుడే బయటపడుతుంది. ఐదు నిమిషాల తర్వాత కూడా 12 చుట్టుపక్కల నిలబడితే బ్యాటరీకి సత్తువ ఉంది, లోపం తీగల్లోనో, స్విచ్‌లోనో, మోటారులోనో ఉంది. చూస్తుండగానే 10.5 కిందికి జారితే బ్యాటరీ అయిపోయింది. చార్జర్‌నూ అనుమానించాలి. చార్జింగ్ పెట్టి ఉండగా కొసల దగ్గర వోల్టేజి మెల్లగా 14.4 దాకా ఎక్కాలి. రాత్రంతా పెట్టినా 13 దగ్గరే ఉండిపోతే చార్జర్ మార్చుకోండి, బ్యాటరీ ఇంకా బతికి ఉండొచ్చు.

రెండు మూడు నెలలే ఖాళీగా ఉన్న బ్యాటరీని దాని చార్జర్‌తోనే పూర్తిగా చార్జి చేసి, వాడి, వెంటనే మళ్లీ చార్జి చేస్తూ రెండు మూడు సార్లు ప్రయత్నిస్తే కొంత తేరుకోవచ్చు. మూత పగలగొట్టి యాసిడ్ పోయించడం మాత్రం వద్దు. ఉన్న యాసిడ్ సరిపోకపోవడం ఇక్కడ జబ్బు కాదు, కొత్తగా పోస్తే పలకలు ఇంకా త్వరగా తినేస్తాయి. ట్రాక్టర్ బ్యాటరీకి కలిపి చార్జి చేయడం, కంట్రోలర్ లేకుండా సోలార్ పలకకు నేరుగా తగిలించడం కూడా ప్రమాదమే. 8 ఏహెచ్ బ్యాటరీకి రెండున్నర ఆంపియర్లకు మించి ఎక్కించకూడదు. మించితే లోపలి తడి ఆరిపోయి పెట్టె ఉబ్బుతుంది. ఉబ్బిన బ్యాటరీని ఇక వాడకండి.

కొత్తది కొన్నాక వాడకం తీరు మార్చుకోవాలి. పూర్తిగా దిగిపోయాకే చార్జింగ్ పెట్టాలని చాలామంది అంటారు. సీసం బ్యాటరీకి ఆ మాట చేటు. ప్రతిసారీ అడుగు దాకా వాడితే అది సుమారు రెండు వందల సార్లు చార్జింగ్‌కు తట్టుకుంటుంది. సగం దాకానే వాడితే దాదాపు అంతకు రెట్టింపు సార్లు వస్తుంది. అందుకని మూడు ట్యాంకులే కొట్టినా ఆ సాయంత్రమే చార్జింగ్ పెట్టండి. నాజిల్ దగ్గర తుంపర బలహీనపడగానే పంపు ఆపేయండి. పడకగదిలో చార్జింగ్ పెట్టకండి, గాలి ఆడే చోట పెట్టండి.

పత్తి ఏరడం మొదలయ్యాక, పంపు ఇక అక్కర్లేదనుకున్న రోజున బ్యాటరీని నిండా చార్జి చేసి ఒక తీగ ఊడదీసి, షెడ్డులో కాక ఇంట్లో చల్లటి గదిలో పెట్టండి. చలికాలంలో రెండు నెలలకోసారి, మార్చి నుంచి నెలకోసారి ఒక రాత్రి చార్జింగ్ ఇవ్వండి. క్యాలెండర్‌లో అమావాస్య నాడు అని గుర్తు పెట్టుకుంటే మరచిపోరు.

పాడైన బ్యాటరీని చెత్తకుప్పలో వేయకండి, సీసం కోసం పగలగొట్టకండి. ఆ పొడి పిల్లల మెదడును దెబ్బతీస్తుంది. 2022 నాటి కేంద్ర బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం పాత బ్యాటరీలను వెనక్కి సేకరించే బాధ్యత తయారీదారులదే. కొత్తది కొనేటప్పుడు పాతది దుకాణంలో ఇచ్చి ధర తగ్గించమని అడగండి.