పాటలోని కన్నీరు ఏ రసమునకు చెందును?



సినిమా పాటను విన్నప్పుడు మనలో పలువురు 'ఇది సరసపు పాట', 'ఇది ఏడుపు పాట' యని తీర్పు చెప్పి యూరకుందురు. సరసపు పాట మాట యటుండనిండు. ఏడుపు పాట యను గంపలో మాత్రము రెండు వేర్వేరు రసములు కలిసి పడుచున్నవి. ఒకటి కరుణము. రెండవది శృంగారమునకే యొక భేదమైన విప్రలంభము, అనగా ఎడబాటు. ఈ రెంటిని వేరుచేయ నేర్చినవానికి పాటలో నే పంక్తి నిలుచునో, ఏది నిలువదో తెలియును.

కన్నీటిని చూచి రసమును నిర్ణయింపరాదు. కన్నీరు, నిట్టూర్పు, ఒడలు చిక్కుట యనునవి అనుభావములు, అనగా లోపలి భావము బయటికి కనబడు గుర్తులు. ఇవి రెండు రసములకును సమానములే. ఒడలు వెచ్చబడినంతనే యది యే జ్వరమో వైద్యుడు చెప్పలేడు గదా! కావున స్థాయిభావమును వెదకవలయును. విప్రలంభమునకు స్థాయి రతి, అనగా ప్రేమ; కరుణమునకు స్థాయి శోకము. భరతముని నాట్యశాస్త్రము ఆఱవ యధ్యాయమున ఈ భేదమును స్పష్టముగా తెలిపినాడు. విప్రలంభము సాపేక్షము, కరుణము నిరపేక్షము. మరల కలసికొందుమను ఆశ ఇంచుకంత మిగిలియున్నచో అది విప్రలంభము. ఆ యాశ వేరుతో తెగినచో కరుణము.

1951వ సంవత్సరమున బి.ఎన్. రెడ్డిగారు తీసిన మల్లీశ్వరి చిత్రమును మీలో కొందఱు చూచియుందురు. అందు నాయికానాయకులను రాయల యంతఃపురపు గోడలు వేరుచేసినవి. అయినను ఇరువురును జీవించియున్నారు. కలయికకు దారి పూర్తిగా మూసికొనలేదు. అచ్చటి కన్నీరు ఎంత ప్రవహించినను విప్రలంభమునకే చెందును.

ఇక నాకు స్వయముగా తటస్థించిన యొక పాటను మీ ముందుంచెదను. నా పూర్వశిష్యుడొకడు చిత్రములకు పాటలు వ్రాయు ప్రయత్నములో నుండి, సన్నివేశమొకటి చెప్పి, తన పాటను నాకు చూపినాడు. పూర్వకాలమున కోరంగి రేవునుండి యొకడు ఓడపై రంగూనునకు పోయినాడు. భార్య యింటియొద్ద ఎదురు చూచుచున్నది. మొదట పల్లవిలో 'విరహబాధ' యను మాటయే యుండెను. దానిని తీసివేయుమంటిని. రసమును దాని పేరుతో పిలిచినంత మాత్రమున అది పుట్టదు. అట్లు పిలుచుటను మమ్మటుడు దోషములలో చేర్చినాడు. అతడు సవరించి తెచ్చిన పాట యిది:

తలుపు గడియ వేయలేదు, దీపమింక నార్పలేదు.
తెల్లచాప కనబడితే తీరమంట పరుగిడితిని,
ఆ రేవున ఎవతె కనుల నతడు చిక్కుపడియెనో!
కొంగు పట్టి నిలుపు చేయి కలలలోనె తగులుచుండె,
కాటి కేగినట్టి త్రోవ మరలి యింటి కెపుడు రాదు.

మొదట వెదకవలసినది పాడునామె ఆ క్షణమున నేమి యెఱుగును అనుట. సినిమా పాట ఒంటరి పద్యము కాదు. దాని యాలంబనము కథలో నుండును. ఈమెకు తెలిసినదింతే: మగడు పోయినాడు, ఇంకను రాలేదు. ఆశ యున్నది. కావున ప్రధానరసము విప్రలంభము.

ఇప్పుడు పంక్తులను తూచుదము. గడియ వేయని తలుపు, ఆర్పని దీపము ఆశకు రూపములే. తెల్లచాప ఉద్దీపనము, పరుగు అనుభావము. మూడవ పంక్తిలో అసూయ యున్నది. ఇది కటువుగా లేదాయని కొందఱడుగవచ్చును. కాని భరతముని విప్రలంభమునకు చెప్పిన సంచారిభావములలో అసూయ యొకటి. ప్రేమ లేనిచోట అసూయ పుట్టదు. మగడు బ్రతికియున్నాడను నమ్మకము లేనిచో అసలే పుట్టదు. కనుక ఈ పంక్తి రతిని చెఱుపకపోగా పోషించుచున్నది. నాలుగవ పంక్తిలోని కల యందఱకు తెలిసినదే.

ఐదవ పంక్తి, మా వానికి మిక్కిలి ప్రియమైనది, తూకమున తేలిపోయినది. కాటిత్రోవ యనగానే ఆశ తెగినది. స్థాయి శోకమునకు మాఱినది. పాటలో దీనికంటె పెద్ద చిక్కొకటి యున్నది. చరణము ముగియగానే పల్లవి మరల వచ్చును. 'మరలి రాదు' అని నిశ్చయముగా పలికిన నోటితోనే 'తలుపు గడియ వేయలేదు' అనవలసి వచ్చును. చరణపు తుదిపంక్తి పల్లవికి చేయందీయవలెను గాని దానిని త్రోసివేయరాదు. చావు తలపే రాకూడదని నేననను. 'కాటి కేగెనో యేమో' యన్నచో నది శంక. శంక విప్రలంభమునకు సంచారియే. ఒక్క ఓకారము చాలును, రసము బ్రతుకును. 'రాదు' అన్నది తీర్పు. తీసివేయుమంటిని. అతడు ముఖము చిన్నబుచ్చుకొని వెళ్లినాడు.

నెల తిరుగకమునుపే మరల వచ్చినాడు. చిత్రము వారు కథను మార్చిరట! పాటకు ముందే ఓడ మునిగినదను వార్త ఆమెకు చేరును. పాట మాత్రము ఉన్నదే యుండవలెనట. అతనికి నా మాటపై గెలుపు దొరికినట్లే యాయెను; ఐదవ పంక్తి యిప్పుడు తన చోటనే కూర్చున్నది. స్థాయి శోకమైనది గనుక మిగిలిన పంక్తులను మరల తూచితిమి.

పల్లవి చెడలేదు. మనసునకు వార్త తెలిసినను చేతికి గడియ వేయుట తోచుటలేదు. మొదటికంటె ఇప్పుడే యది బలముగా తగులునని నా యభిప్రాయము. తెల్లచాపకై పరుగు ఉన్మాదమగును; అది కరుణమునకును చెల్లును. కొంగు పట్టు చేయి శృంగారపు తలపు గదా, శోకములో నెట్లిముడునని మావాడడిగినాడు. భారతము స్త్రీపర్వమున భూరిశ్రవసుని భార్య రణరంగమున పడియున్న భర్త తెగిన చేతిని చూచి, ఆ చేయి తనతో నెట్లు సరసమాడెనో తలచి విలపించును. ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకమున ఆ పద్యమునే చూపి, గడచిన సరసము తలపునకు వచ్చినచో శోకమునకు అంగమై దానిని పెంచునే గాని అడ్డగింపదని నిరూపించినాడు. కాబట్టి నాలుగవ పంక్తి నిలిచినది.

మూడవది మాత్రము కూలినది. మునిగిపోయిన మగనిని ఏ యాలు పరస్త్రీ కన్నులతో ముడిపెట్టి నిందించును? భరతముని కరుణమునకు చెప్పిన సంచారులలో అసూయ లేదు. తొలి కథలో ఏ పంక్తి ప్రేమకు సాక్ష్యమయ్యెనో, మలికథలో నదే వినువారికి రోత పుట్టించును. అక్షరమొకటియు మాఱలేదు.

అతడు దాని స్థానమున 'కడలిలోన తుదకు నతడు ఎవరి పేరు పిలిచెనో' యని వ్రాసినాడు. చాల బాగున్నది. అయినను 'ఎవరి పేరు' అన్నచోట పాత యసూయ కొంత నక్కి యున్నదని నాకు తోచినది. తన పేరు కాక మఱి యెవరి పేరు పిలుచునను సందేహము వినువానికి కలుగును. 'ఏమి మాట పలికెనో' యనుమంటిని. రెండు మూడు మాఱులు పాడి చూచుకొని, ఒప్పుకొని, దిద్దుకొన్నాడు.