శీర్షికలు మాత్రమే చదివే ఇన్వెస్టర్ కోసం

పెట్టుబడి కోసం పంపిన పిచ్ డెక్‌ను ఇన్వెస్టర్ ఎంతసేపు చూస్తాడు? 2015లో డాక్‌సెండ్ సంస్థ 200 స్టార్టప్‌ల డెక్‌లు పరిశీలించి తేల్చిన సగటు 3 నిమిషాల 44 సెకన్లు. ఇరవై స్లైడ్లుంటే ఒక్కోదానికి దక్కేది పదకొండు సెకన్లే. ఆ హడావుడిలో ఇంకేం చదివినా చదవకపోయినా, పెద్దక్షరాల శీర్షిక మాత్రం కంట పడుతుంది. అక్కడ ‘మార్కెట్’ అని ఉంటే ఆ కంపెనీ గురించి తెలిసిందేమీ లేదు. ఆ మాట ప్రతి డెక్‌లోనూ ఉండేదే.

ఎయిర్‌బిఎన్‌బి తొలినాళ్ల డెక్ చూడండి. శీర్షికలు ‘ప్రాబ్లమ్’, ‘సొల్యూషన్’, ‘మార్కెట్ వ్యాలిడేషన్’... ఇదే వరస. 2008లో వాళ్లను పరిచయం చేసిన ఏడుగురు ఇన్వెస్టర్లలో ఐదుగురు కాదన్నారు, ఇద్దరు బదులే ఇవ్వలేదు. తప్పు శీర్షికలదే అనను గానీ, అవి చేసిన సాయమూ కనిపించదు.

‘మార్కెట్ వ్యాలిడేషన్’ కింద రెండు అంకెలున్నాయి. కౌచ్‌సర్ఫింగ్ సైట్‌కు 6,60,000 మంది సభ్యులు. క్రెయిగ్స్‌లిస్ట్‌లో ఒక్క వారంలో, ఒక్క అమెరికాలోనే 50,000 తాత్కాలిక వసతి ప్రకటనలు. అయితే ఏమిటట? అది చదివేవాడే ఊహించుకోవాలి. ఆ ఊహనే శీర్షికగా రాసేద్దాం: ‘ముక్కూమొహం తెలియనివాళ్ల ఇంట్లో డబ్బిచ్చి ఉండటానికి లక్షల మంది సిద్ధం’.

వినడానికి బాగానే ఉంది, కానీ నిలవదు. కౌచ్‌సర్ఫింగ్‌లో బస ఉచితం. ఆ 6,60,000 మంది పరాయి ఇంట్లో ఉండటానికి జంకరని తెలుస్తుంది తప్ప, డబ్బిస్తారని తెలియదు. క్రెయిగ్స్‌లిస్ట్ అంకె కూడా ప్రకటనల లెక్కే, కుదిరిన బేరాల లెక్క కాదు. కాబట్టి శీర్షికను ఆధారం ఉన్నంత మేరకే తగ్గించాలి: ‘పరాయి ఇంట్లో బసకు 6,60,000 మంది ఇప్పటికే ఒక సైట్‌లో చేరారు’. డబ్బిస్తారన్న మాటకు వేరే స్లైడు, వేరే రుజువు కావాలి. పూర్తి వాక్యం రాయడంలో అసలు లాభం ఇదే. ‘మార్కెట్ వ్యాలిడేషన్’ అన్న ముసుగులో ఈ లోటు ఎవరికీ కనబడదు, రాసినవాళ్లక్కూడా.

కొన్ని స్లైడ్లకు ఇంత మథనం అక్కర్లేదు. ‘బిజినెస్ మోడల్’ తీసేసి ‘ప్రతి బుకింగ్‌పై 10 శాతం కమీషనే మా ఆదాయం’ అంటే సరిపోతుంది. ఆ 10 శాతం వాళ్ల స్లైడులో ఉన్నదే, పైకి ఎక్కించాలంతే. శీర్షిక రెండు వరుసలు దాటితే మాత్రం అందులో రెండు వాదనలు ఇరుక్కున్నాయేమో చూడండి. ‘ఈ రంగంలో మాకు తిరుగులేదు’ లాంటివి పూర్తి వాక్యాలే అయినా వాదనలు కావు. కింద ఏ అంకె పెట్టి నిరూపిస్తారు?

డెక్ పంపే ముందు శీర్షికలను మాత్రమే ఓ కాగితం మీద వరసగా రాసి, మీ వ్యాపారం తెలియని మనిషికివ్వండి. చదివాక మీరేం అమ్ముతారో, ఎవరు కొంటారో, డబ్బెలా వస్తుందో ఆయన చెప్పగలగాలి. ఎక్కడ తడబడితే ఆ స్లైడు తిరగరాయండి. ఎంత ప్రయత్నించినా ఒక్క వాక్యం పుట్టని స్లైడును తీసేయండి.