అందిస్తేనే అన్నం

థేరవాద విహారంలో భిక్షువు ముందు అరటి గెల పెట్టి ఉన్నా, ఎంత ఆకలి వేస్తున్నా, ఎవరూ అందించకపోతే ఆయన ఒక్క పండు కూడా తినరు. నీళ్లు, పళ్లు తోముకునే పుల్ల తప్ప నోట్లోకి వెళ్లేది ఏదైనా మరొకరు ఇచ్చినదే కావాలని వినయ పిటకం నియమం. ఆయన వండుకోకూడదు, తీసుకున్న భోజనాన్ని రేపటికి దాచుకోకూడదు, డబ్బు ముట్టకూడదు. బంధువు కాని గృహస్థు ముందుగా 'అడగండి' అనకపోతే, మామూలుగా ఫలానాది కావాలని నోరు తెరిచి అడగకూడదు కూడా. అందువల్ల ఇచ్చేవాళ్లు పద్ధతి తప్పితే పస్తుండాల్సి వచ్చేది ఆయనే.

ఒక ఉదాహరణ చూద్దాం. మన ప్రాంతం నుంచి ఒక కుటుంబం నవంబరు మొదట్లో బోధ్‌గయ వెళ్లి, అక్కడి థాయ్ విహారంలో ఒకపూట భోజనం ఇవ్వాలనుకుంది. ముందురోజే విహారం ఆఫీసులో చెప్పి, భిక్షువులు ఎంతమందో కనుక్కోవాలి. పిలిచేటప్పుడు 'రేపు మా భిక్ష స్వీకరించండి' అంటే చాలు. 'అన్నం తినడానికి రండి', 'చేపల కూర చేస్తాం' అని పదార్థం పేరు పెట్టి నలుగురిని లేదా అంతకన్నా ఎక్కువమందిని పిలిస్తే అది గుంపు భోజనం కిందికి వస్తుంది. కొన్ని ప్రత్యేక సందర్భాల్లో తప్ప దానికి వెళ్లకూడదు. మాంసాహారం వండితే అది భిక్షువుల కోసం చంపింది కాకూడదు. తమ కోసం చంపినట్టు చూసినా, విన్నా, కనీసం అనుమానం వచ్చినా వాళ్లు ముట్టరు.

తర్వాతది వేళ. తెల్లవారిన దగ్గర్నుంచి మిట్టమధ్యాహ్నం దాకానే భోజనం. మధ్యాహ్నం అంటే గడియారంలో పన్నెండు కాదు, సూర్యుడు నడినెత్తికి వచ్చే సమయం. నవంబరు మొదట్లో బోధ్‌గయలో అది సుమారు 11.34కే వస్తుంది. అదే రోజుల్లో హైదరాబాద్‌లో దాదాపు 12, ఫిబ్రవరి మధ్యలో అయితే 12.30. గడియారం చూసుకుని 'ఇంకా అరగంట ఉంది కదా' అని తాపీగా వడ్డించేవాళ్లు మోసపోయేది ఇక్కడే. మధ్యాహ్నానికి తినడం మొదలుపెడితే సరిపోదు, ముగించాలి. పదిన్నరకల్లా వంటలు విహారం చేరితే అందరికీ ఊపిరి ఆడుతుంది.

ఇక అందించడం. ఇచ్చేవాళ్లు భిక్షువుకి రెండున్నర మూరల దూరంలోకి వచ్చి, కొంచెం వంగి, వస్తువును కాస్త ఎత్తి ఆయన వైపు జరపాలి. ఆయన దాన్ని చేత్తో గాని, చేతిలో ఉన్న పాత్రతో గాని, పరిచిన గుడ్డతో గాని అందుకోవాలి. వస్తువు మామూలు మనిషి ఒక్కడు ఎత్తగలిగేంత బరువే ఉండాలి. మనవాళ్లు ఆప్యాయంగా ఇద్దరు పట్టుకుని పులిహోర గుండిగ మోసుకొచ్చి ముందు దించితే, అది అందించినట్టు కాదు. చిన్న గిన్నెల్లోకి తీసి, పళ్లెంలో పెట్టి, ఒక్కరు ఎత్తి ఇవ్వాలి. ఇచ్చిన తర్వాత గిన్నె సర్దుదామని మళ్లీ ముట్టుకోవద్దు. చాలా విహారాల్లో అలా ముట్టుకుంటే మొదటినుంచి మళ్లీ అందించాల్సిందే.

థాయ్ సంప్రదాయంలో ఆడవాళ్ల చేతి నుంచి భిక్షువు నేరుగా అందుకోరు. ఆయన తన ముందు చిన్న గుడ్డ పరిచి, దాని అంచు పట్టుకుని కూర్చుంటారు. ఆమె పళ్లెం ఆ గుడ్డ మీద పెట్టాక ఆయన తనవైపు జరుపుకుంటారు. శ్రీలంక, బర్మా భిక్షువులు చాలామంది చెయ్యి తగలకుండా నేరుగానే అందుకుంటారు. ఆడవాళ్లను తక్కువ చేయడానికి గుడ్డ పరిచారని బాధపడేవాళ్లున్నారు. స్త్రీని తాకకూడదన్న తన నియమాన్ని ఆయన కాపాడుకుంటున్నారంతే. అదే కారణంగా ఆయన పాదాలు ముట్టుకుని దండం పెట్టకూడదు, చీవరం అంచు తగిలేంత దగ్గరగా కూర్చోకూడదు.

గింజలు మొలకెత్తే పళ్లను భిక్షువు అలాగే తినరు, ఎందుకంటే మొక్కకు హాని చేయడం ఆయనకు నిషిద్ధం. ద్రాక్ష, నారింజ, టమాటా ఇస్తే ఆయన పాలీలో 'కప్పియం కరోహి' అంటారు, తినదగ్గదిగా చెయ్యమని అర్థం. అప్పుడు మనం కత్తితోనో గోటితోనో పండును గుచ్చుతూ 'కప్పియం భంతే' అనాలి. గుత్తి మొత్తం కలిసి ఉంటే ఒక్కటి గుచ్చినా చాలు. ఇది తెలియని ఇంట్లో భిక్షువు పళ్లను పక్కన పెట్టేస్తారు. ఇచ్చినవాళ్లేమో నచ్చలేదేమో అనుకుంటారు.

సాయంత్రం దర్శనానికి వెళ్తూ ఏదో ఒకటి తీసుకెళ్లాలనిపిస్తుంది. పిప్పి లేకుండా వడకట్టిన పళ్ల రసం ఇవ్వవచ్చు. పాలు భోజనమే, మధ్యాహ్నం దాటితే పనికిరావు. మనకు ముందు తట్టేది కొబ్బరి బోండాం. నియమం కఠినంగా పాటించే విహారాల్లో అదీ కుదరదు. తాటి, కొబ్బరి, పనస, పుచ్చలాంటి పెద్ద కాయల రసాన్ని పాత వ్యాఖ్యానాలు భోజనం కిందే లెక్కేశాయి. తేనె, బెల్లం, నెయ్యి నయం. ఔషధంగా వీటిని అందుకున్న రోజు నుంచి ఏడు రోజులు ఉంచుకోవచ్చు. బియ్యం, పప్పు మూటలు మాత్రం భిక్షువు చేతికి ఇవ్వొద్దు, నేరుగా వంటశాలలో అప్పగించాలి.

డబ్బు కూడా అంతే. పాత్రలో నోటు వేయడం, కాళ్ల దగ్గర కవరు పెట్టడం చాలామంది చేసే పొరపాటు. విహారంలో భిక్షువుల అవసరాలు చూసే గృహస్థుడు ఒకరుంటారు, కప్పియకారకుడంటారు. రెండు వేలు ఇవ్వాలనుకుంటే ఆయనకు ఇచ్చి, భిక్షువుతో 'రెండు వేల విలువకు మీకు కావలసిన వస్తువులు ఆయన్ను అడగండి' అని చెప్పాలి. 'మందులేవైనా కావాలంటే నన్నడగండి' అని గడువు పెట్టకుండా అంటే ఆ మాట నాలుగు నెలలే చెల్లుతుంది. తర్వాత మళ్లీ చెప్పాలి.

చీవర దానానికి ఏడాదిలో ప్రత్యేకమైన నెల కఠిన మాసం. వర్షావాసం ముగిశాక సాధారణంగా మన ఆశ్వయుజ పౌర్ణమి నుంచి కార్తీక పౌర్ణమి దాకా వస్తుంది. అంటే మన ఉదాహరణలో కుటుంబం వెళ్లింది సరిగ్గా ఆ రోజుల్లోనే కావచ్చు. కఠిన వస్త్రాన్ని ఒక విహారం ఏడాదికి ఒక్కసారే తీసుకుంటుంది. దాత ఎవరో తరచు ముందే ఖాయమై ఉంటారు, అందుకే కనుక్కుని వెళ్లాలి. గుడ్డ ఫలానా భిక్షువుకని కాక సంఘానికని ఇవ్వాలి. చీవరం పాతబడినవారెవరో చూసి ఎవరికివ్వాలో సంఘమే తేలుస్తుంది. మళ్లీ తెల్లవారేలోగా ఆ గుడ్డను కత్తిరించి, కుట్టి, రంగు వేసి, మూడు చీవరాల్లో ఒకటి సిద్ధం చెయ్యాలి. ముక్కలు కలిపి కుట్టే ఆ నమూనాను మగధ దేశపు వరిమళ్ల గట్లు చూపించి బుద్ధుడు చెబితే ఆనందుడు రూపొందించాడని వినయం చెబుతుంది. మామూలు రోజుల్లో చీవరం ఇచ్చేటప్పుడు రంగు కనుక్కోండి. థాయ్ అరణ్య విహారాలవారిది ముదురు గోధుమ, బర్మావారిది ఎక్కువగా ముదురెరుపు. తెలియకపోతే తెల్ల నూలు గుడ్డ తాను ఇవ్వడం మంచిది, రంగు వాళ్లే వేసుకుంటారు.

పిలుపు దగ్గర తడబడక్కర్లేదు. 'భంతే' ఎక్కడైనా చెల్లుతుంది, మన దేశంలో 'భంతేజీ' కూడా వాడుకలో ఉంది. థాయ్ విహారాల్లో గురువుని 'అజాన్' అని, పెద్ద వయసు భిక్షువుని 'లువాంగ్ పో' అని, బర్మాలో పెద్ద ఆచార్యుని 'సయాడో' అని పిలుస్తారు. భిక్షుణిని 'అయ్యా' అంటారు, మన 'అయ్యా' కాదది, పాలీ మాట. ఉత్త పేరు పెట్టి పిలవొద్దు. ఆయన కన్నా ఎత్తైన చోట కూర్చోవద్దు, ఆయన వైపు గాని బుద్ధ విగ్రహం వైపు గాని కాళ్లు చాపొద్దు. మనం నమస్కరిస్తే ఆయన తిరిగి చేతులు జోడించరు, భోజనం పెట్టినందుకు కృతజ్ఞతలూ చెప్పరు. గృహస్థులకు భిక్షువు నమస్కరించే ఆచారం లేదు. భోజనం ముగిశాక పాలీలో అనుమోదన పఠిస్తారు. అది పూర్తయ్యేదాకా చేతులు జోడించి కూర్చోవాలి, గిన్నెలు తర్వాత సర్దుకోవచ్చు.