ఒకే వాక్యంలో భాష మారే చోటు

దానియేలు గ్రంథాన్ని తెలుగులో చదివేవారికి రెండో అధ్యాయం నాలుగో వచనం దగ్గర ఏ మార్పూ కనిపించదు. మూల గ్రంథంలో మాత్రం ఆ వచనం హీబ్రూలో మొదలై అరామిక్‌లో ముగుస్తుంది. అక్కడి నుంచి ఏడో అధ్యాయం చివరిదాకా అంతా అరామిక్. లిపి మారదు. రెండు భాషలకూ అవే 22 అక్షరాలు. కనుక పేజీని చూసి హద్దు పట్టుకోలేం, వ్యాకరణం చూసే పట్టుకోవాలి.

కథ తెలిసిందే. నెబుకద్నెజరుకు కల వచ్చింది. దాని భావం చెప్పమని కల్దీయులను పిలిపించాడు. మూడో వచనం హీబ్రూ. అందులో 'ఆ రాజు' అనడానికి 'హమ్మెలెఖ్' అని ఉంటుంది. మెలెఖ్ అంటే రాజు. ముందు చేరిన 'హ' ఫలానా రాజని నిర్దేశిస్తుంది. నాలుగో వచనంలో కల్దీయులు రాజుతో 'అరామీత్', అంటే అరామిక్‌లో, మాట్లాడారని హీబ్రూలోనే ఉంది. ఆ వెంటనే వాళ్ల నోట వచ్చే మొదటి మాట 'మల్కా'. అదే రాజు, అదే ధాతువు. కానీ నిర్దేశించే గుర్తు ముందు నుంచి వెనక్కి వెళ్లి, 'ఆ' అనే దీర్ఘంగా మాట చివర చేరింది. ఈ రెండు భాషలను వేరు చేయడానికి ఇంతకంటే నమ్మకమైన గుర్తు లేదని నా అభిప్రాయం.

'కల' అనే మాటకూ అదే జరిగింది. మూడో వచనం చివర రాజు ఆ కలను తెలుసుకోవాలంటాడు. హీబ్రూలో అది 'ఎత్ హహలోమ్'. ఇందులోని 'ఎత్' ఇంచుమించు మన 'ను, ని' విభక్తి చేసే పని చేస్తుంది, అయితే నామవాచకానికి ముందు వస్తుంది. నాలుగో వచనంలో కల్దీయులు అదే కలను చెప్పమని అడిగేటప్పుడు వట్టి 'హెల్మా' అంటారు. 'హ' పోయి చివర దీర్ఘం వచ్చింది. 'ఎత్' అసలే లేదు. రాజు చిరకాలం బతకాలని దీవించేటప్పుడు వాడిన 'లెఆల్మీన్' అనే మాట బహువచనం. హీబ్రూ పుంలింగ బహువచనం మామూలుగా 'ఈమ్' అని ముగుస్తుంది, అరామిక్‌ది 'ఈన్' అని.

క్రియ కూడా మారుతుంది. హీబ్రూలో కథ నడిపే క్రియకు ఒక ప్రత్యేక రూపం ఉంది. 'వయ్యోమెర్' అంటే 'అతడు అన్నాడు'. ముందున్న 'వ' ఒక సంఘటనను దాని ముందుదానికి కలుపుతూ పోతుంది. అరామిక్ భాగంలో ఆ రూపం ఉండదు. ఐదో వచనంలో రాజు జవాబు 'ఆనే మల్కా వెఆమర్' అని మొదలవుతుంది. 'రాజు బదులిస్తూ అన్నాడు' అని దాని అర్థం. ఈ జంట క్రియ దానియేలు అరామిక్ భాగంలో పదే పదే వినిపిస్తుంది. పేజీలో 'వయ్యోమెర్' ఆగిపోయి ఇది మొదలైందంటే హద్దు దాటామన్నమాట.

అయితే ఒక్క గుర్తునే నమ్ముకుంటే పొరపాటు పడతాం. హీబ్రూలో 'మల్కా' అంటే రాణి. మామూలుగా రాణి మాట చివర 'హే' అక్షరం, అరామిక్ రాజు మాట చివర 'ఆలెఫ్' ఉంటాయి కాబట్టి వేరు చేయవచ్చు. కానీ దానియేలు 2:11లో అరామిక్ రాజును కూడా 'హే'తోనే రాశారు. అక్కడ రాజును పట్టించేది పక్కనున్న క్రియ. 'అడుగుతున్న' అనే అర్థమిచ్చే ఆ మాట పుంలింగంలో ఉంది. దీనికి ఎదురు ఉదాహరణ అదే గ్రంథం చివరి వచనం. 12:13లో 'దినములు' అనే మాట 'ఈన్' అని ముగుస్తుంది. అరామిక్ అనుకుంటాం. ముందు 'హ' ఉంది కనుక అది హీబ్రూయే. అందుకే కనీసం రెండు గుర్తులు కలిస్తేగానీ తీర్పు చెప్పకూడదు.

యిర్మీయా 10:11 ఇంకో రకం పరీక్ష. హీబ్రూ గ్రంథం మధ్యలో ఆ ఒక్క వచనమే అరామిక్. హీబ్రూలో భూమిని 'ఎరెత్స్' అంటారు. ఈ వచనంలో భూమి రెండుసార్లు వస్తుంది, ఒకసారి 'అర్కా' అని, ఇంకోసారి 'అర్ఆ' అని. మొదటిది పాత రాత, రెండోది తర్వాతి కాలపు రూపం. రెండూ ఒకే వచనంలో పక్కపక్కన నిలిచాయి.

హద్దు ఆ నాలుగో వచనంలోనే ఉందనడానికి ప్రాచీన సాక్ష్యమూ ఉంది. మృత సముద్రం దగ్గర కుమ్రాన్ మొదటి గుహలో దొరికిన ఒక దానియేలు ప్రతి ముక్కలో భాష సరిగ్గా అక్కడే మారింది. ఎనిమిదో అధ్యాయం మొదటి వచనంలో హీబ్రూ తిరిగి వస్తుంది. అక్కడ బెల్షస్సరు పేరు పక్కన ఉన్నది 'మల్కా' కాదు, 'హమ్మెలెఖ్'.

హీబ్రూ అక్షరాలు కూడబలుక్కుని చదవగలిగినవారు ఎజ్రా నాలుగో అధ్యాయం తెరవండి. ఏడు, ఎనిమిది వచనాలు పక్కపక్కన పెట్టి, అర్తహషస్త పేరు తర్వాత రాజు అనే మాట ఎలా ముగుస్తుందో చూడండి.